గాఢాంధకారపు లోయలో మరణం ఉందా?

మా పెద్దమ్మ భూస్థాపన రోజున అన్నయ్య కూతురు డల్లాస్ నుంచి వచ్చింది. తెలుగు చదవడం రాదు కాబట్టి, నాయనమ్మకు ఇష్టమైన 23వ కీర్తనను ఇంగ్లీషులోనే చదువుతానంది. ఫోన్లో ఎన్ఐవీ అనే ఇంగ్లీషు బైబిలు తీసి మెల్లగా, గొంతు వణక్కుండా చదివింది. నాలుగో వచనం దగ్గర "డార్కెస్ట్ వ్యాలీ" అంది. నా పక్కన నిలబడిన మావయ్య తలెత్తి చూశాడు. ఆయన రైల్వేలో పనిచేసినంత కాలం ఇంగ్లీషు బైబిలే చదివిన మనిషి. కార్యక్రమం అయ్యాక, కాళ్లు కడుక్కుంటూ నాతో అన్నాడు: "చూశావురా, కొత్త బైబిళ్లలో మరణం అనే మాటే తీసేశారు. మనిషిని మట్టిలో పెట్టే చోట మరణం అనడానికి భయమేంటి? వాక్యాన్ని మెత్తగా చేసేస్తున్నారు."

ఆయన బాధ నిజమైనదే. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో అది "వ్యాలీ ఆఫ్ ద షాడో ఆఫ్ డెత్". 1984 నాటి ఎన్ఐవీలోనూ అలాగే ఉండేది. 2011 సవరణలో "డార్కెస్ట్ వ్యాలీ" అయింది. అంతకు ముందే 1989లో ఎన్ఆర్ఎస్‌వీ అనే ఇంకో ఇంగ్లీషు అనువాదం అలా మార్చింది. అరవై ఏళ్లుగా నోటికొచ్చిన మాట ఒక్కసారిగా మారితే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది.

ఆ రాత్రి ఇంట్లో పెద్దమ్మ తెలుగు బైబిలు తెరిచి చూశాను. అట్ట ఊడిపోయి, ఆ కీర్తన ఉన్న పేజీ వేలిముద్రలతో పసుపుపచ్చగా మారి ఉంది. "గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను ఏ అపాయమునకు భయపడను నీవు నాకు తోడైయుందువు." మరణం లేదు. ఎవరూ తీసేయలేదు, మన తెలుగులో అసలు లేనే లేదు. అయినా ఇన్నేళ్లుగా మన ప్రసంగాల్లో "మరణచ్ఛాయ లోయ" అని ఎన్నిసార్లు విని ఉంటాను! తెలుగు వచనం చదివేసి, వెంటనే ఇంగ్లీషు మాటను పట్టుకుని వివరించేవాళ్లం. కళ్ల ముందున్న మాటను నేనూ ఎప్పుడూ సరిగ్గా చూడలేదు.

అప్పటి నుంచి ఈ ఒక్క మాట వెంట పడ్డాను. నాకు హీబ్రూ కొంచెం వచ్చు, పండితుణ్ణి కాను. కానీ చదివినకొద్దీ నాకొక అభిప్రాయం గట్టిపడింది: ఈ కీర్తనలో ఈ చోట మన "గాఢాంధకారపు లోయ"యే సరైనది. అయితే దానికోసం మనం ఒకటి వదులుకున్నామన్నది కూడా నిజం.

గుణింతం లేని మాట

హీబ్రూలో ఆ మాట "త్సల్మావెత్". "త్సేల్" అంటే నీడ, "మావెత్" అంటే మరణం. రెండూ కలిపి చదివితే మరణపు నీడ. ఇంత సులువుగా ఉన్నప్పుడు గొడవెందుకు?

గొడవంతా అచ్చుల దగ్గర. పాత హీబ్రూ రాతలో హల్లులే ఉంటాయి. మన గుణింతాలన్నీ తీసేసి "మ-ల" అని రాస్తే అది "మాల" అనా, "మేలు" అనా, "మూల" అనా సందర్భాన్ని బట్టి ఊహించుకోవాల్సిందే కదా, అలాగన్నమాట. ఉచ్చారణకు గుర్తులు పెట్టినవాళ్లు మసోరెట్లు అనే పండితులు, కవి కాలానికి ఎన్నో వందల ఏళ్ల తర్వాత. వాళ్లు ఈ మాటకు "త్సల్మావెత్" అని గుర్తులు పెట్టారు. అవే హల్లులను "త్సల్మూత్" అని చదివితే అది కేవలం "చీకటి" అనే అర్థమిచ్చే మాట అవుతుందని చాలామంది పండితులు అంటారు. త్స-ల-మ అనే ఈ ధాతువుకు హీబ్రూ చుట్టాలైన భాషల్లో నలుపు, చీకటి అనే అర్థాలున్నాయి. అక్కాడియన్‌లో "త్సలాము" అంటే నల్లబడటం. అరబీలో "జలామ్" అంటే చీకటి. ఉర్దూ మీదుగా మనకు చేరి రోజూ వాడే "జులుం" కూడా ఆ అక్షరాల్లోంచి వచ్చిందే, అర్థం మాత్రం వేరే దారి పట్టింది.

ఇదేదో ఆధునికులు మరణానికి భయపడి కనిపెట్టిన వాదం కాదు. పదకొండో శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషి ఈ వచనం దగ్గరే స్పష్టంగా రాశాడు: చీకటి దేశంలో అని అర్థం, ఈ మాట ఎక్కడొచ్చినా చీకటే, దూనాష్ బెన్ లాబ్రాత్ ఇలా వివరించాడు అని. దూనాష్ పదో శతాబ్దపు వ్యాకర్త. అంటే ఈ చర్చకు వెయ్యేళ్ల వయసుంది. ఈ సంగతి మావయ్యకు చెప్పినప్పుడు ఆయన చాలాసేపు ఏమీ అనలేదు.

వాదాలు పక్కన పెట్టి, ఆ మాట మిగతా చోట్ల ఎలా వాడారో చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. పాత నిబంధనలో అది 18 సార్లు వస్తుంది, అందులో పది యోబు గ్రంథంలోనే. ఆమోసు 5:8లో దేవుడు ఈ "త్సల్మావెత్"ను ఉదయంగా మారుస్తాడని ఉంది. ఉదయానికి ఎదురు నిలిచేది రాత్రి చీకటి, మరణం కాదు. యోబు 24లో దొంగల గురించి చెబుతూ, తెల్లవారడమే వాళ్లకు "త్సల్మావెత్" అంటాడు. అందరికీ వెలుగొచ్చే వేళ వాళ్లకు చీకటి పడుతుంది.

నన్ను ఎక్కువగా ఆపింది మాత్రం యోబు 28:3. అక్కడ గనిలో దిగి రాయి కోసం వెతికే మనిషి ఉన్నాడు. చీకటికి హద్దు పెట్టి, చివరంటా తవ్వి, "త్సల్మావెత్"లో ఉన్న రాయిని వెతుకుతాడు. ఆ అధ్యాయమంతా గని పనివాడి నేర్పు గురించిన పాట. భూమి కడుపులో, సూర్యుణ్ణి ఎప్పుడూ చూడని చోట ఉండే నలుపు అది. "మరణపు నీడలో ఉన్న రాయి" అని అక్కడ రాస్తే వాక్యం ఒక అడుగు కూడా ముందుకు నడవదు.

నీడ మంచిదే కదా

ఇంకో సంగతి ఎండ దేశాల్లో పెరిగిన మనకు వెంటనే అర్థమవుతుంది. హీబ్రూ కవులకు నీడ ఎక్కువగా మంచి మాట. "మహోన్నతుని చాటున నివసించువాడే సర్వశక్తుని నీడను విశ్రమించువాడు" అని 91వ కీర్తన మొదలవుతుంది. రెక్కల నీడ, రాత్రీ పగలూ కాపాడే నీడ. అంతా ఆశ్రయమే. మనమూ అంతే, "తల్లి నీడలో పెరిగాడు" అంటాం, "ఆయన నీడన బతికాం" అంటాం. మే నెల మధ్యాహ్నం మందను తోలుకెళ్లే మనిషికి నీడ కనిపిస్తే భయం పుట్టదు, ప్రాణం లేచొస్తుంది. యూదయ అరణ్యంలో కాపరికీ అదే అనుభవం అయి ఉండాలి. భయపెట్టే చోటు గురించి చెప్పడానికి అలాంటి కవి "నీడ" అనే మాటను ఎంచుకుంటాడా అని నాకు అనుమానం.

"లోయ" మాటకొస్తే, హీబ్రూలో లోయలకు చాలా పేర్లున్నాయి. వెడల్పాటి పంటల లోయ "ఏమెక్". వానకాలంలో వాగై పారేది "నహల్". ఈ కీర్తనలో ఉన్నది "గే", అంటే రెండు వైపులా గోడల్లా కొండలున్న ఇరుకు సందు. యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ పేరులోనూ ఇదే మాట ఉంది. అలాంటి చోట పొద్దు కొండ దాటగానే అడుగున వెలుగు పోతుంది. పైన కొండ కొమ్మున ఇంకా ఎండ ఉన్నప్పుడే కింద చీకటి పడుతుంది. తోడేలుకూ దొంగకూ అది అనువైన చోటు. కాపరికి మందను తప్పనిసరిగా దాటించాల్సిన చోటు.

మాకు తెలిసిన ఒక కురుమ పెద్దాయన ఉన్నాడు, నల్లగొండ వైపు. గొంగడి భుజం మీద, చేతిలో నున్నటి కర్ర. చీకట్లో ఇరుకు దారి వస్తే మంద ఏం చేస్తుందని ఒకసారి అడిగాను. "ఆగుతది. ముందున్నది ఆగితే ఎనకున్నవన్నీ ఆగుతయి" అన్నాడు. "మరి ఎట్లా నడిపిస్తారు?" అంటే, కర్రతో పక్కనున్న బండ మీద టక్ టక్‌మని కొట్టి చూపించాడు. "గిట్ల కొడుత, అరుస్త. గొంతు ఇనపడుతుంటే కదులుతయి. నేను మాట్లాడుడు ఆపితే అవీ ఆగుతయి." అప్పటిదాకా "నీ దుడ్డుకఱ్ఱయు నీ దండమును నన్ను ఆదరించును" అంటే, కర్రను చూసి ఎవరైనా ఓదార్పు పొందుతారా అని నాకు ఆశ్చర్యంగా ఉండేది. కర్ర చూడటానికి కాదేమో, వినడానికేమోనని ఆ రోజు అనిపించింది. చీకట్లో ఉన్న గొర్రెకు కర్ర చప్పుడే కాపరి. ఇది వ్యాఖ్యానం కాదు, నా మనసుకు తట్టిన సంగతి. కానీ ఇందులో భయం మరణం నుంచి రాలేదు, కనిపించకపోవడం నుంచి వచ్చింది. "గాఢాంధకారము" ఆ భయాన్నే పట్టుకుంది.

ఒక్కో భాషలో ఒక్కొక్కటి పోయింది

పాత అనువాదాలను వరసగా పెట్టి చూస్తే ఒక చిత్రమైన సంగతి కనిపిస్తుంది. క్రీస్తుకు ముందే యూదులు చేసుకున్న గ్రీకు అనువాదంలో "మరణపు నీడ మధ్యలో" అని ఉంది. అందులో నీడ ఉంది, మరణం ఉంది, లోయ పోయింది. జెరోము లాటిన్‌లోకి హీబ్రూ నుంచి నేరుగా చేసిన అనువాదంలో "మరణపు లోయలో" అని రాశాడు. అక్కడ లోయ తిరిగొచ్చింది, నీడ పోయింది. లూథర్ జర్మన్‌లో "చీకటి లోయ" అన్నాడు. అక్కడ మరణం పోయింది. వీటి పక్కన పెడితే, నీడనూ మరణాన్నీ లోయనూ కలిపి మోసింది ఇంగ్లీషే. అందుకే అది అంత గట్టిగా చెవిలో నాటుకుపోయిందనుకుంటాను, వినడానికి నిజంగా అందమైన పదబంధం. మన తెలుగు లూథర్ పక్కన నిలబడింది.

అయితే తెలుగు బైబిలు అన్ని చోట్లా ఒకే దారిలో పోలేదు. యెషయా 9:2లో ఇదే హీబ్రూ మాట ఉంది, కానీ అక్కడ మనకు "మరణచ్ఛాయగల దేశనివాసులమీద వెలుగు ప్రకాశించును" అని కనిపిస్తుంది. కారణం ఊహించడం కష్టం కాదు. మత్తయి 4:16 ఆ యెషయా మాటనే తీసుకుంటుంది, మత్తయి గ్రీకులో "మరణపు నీడ" అని స్పష్టంగా ఉంది. లూకా 1:79లోనూ అంతే. కొత్త నిబంధనలో మరణచ్ఛాయ అనక తప్పదు, దానికి తగ్గట్టు యెషయాలోనూ అలాగే పెట్టి ఉంటారు. యోబు 38:17కు వస్తే ఇంకో రూపం: "మరణద్వారములు నీకు తెరవబడెనా? మరణాంధకార ద్వారములను నీవు చూచితివా?" ఒకే హీబ్రూ మాట, తెలుగులో మూడు ముఖాలు. దీన్ని గందరగోళం అనొచ్చు. నాకు మాత్రం, ఆ చోట ఏది పలుకుతుందో చెవి పెట్టి విన్న మనుషులు చేసిన పనిలా కనిపిస్తుంది.

నన్ను వదలని అనుమానం

ఇంతవరకూ చదివి, లెక్క తేలిపోయిందనుకోవద్దు. నాకే తేలలేదు. యోబు 38:17నే మళ్లీ చూడండి. మరణ ద్వారాల పక్కనే ఈ మాటను నిలబెట్టాడు కవి. "మావెత్", వెంటనే "త్సల్మావెత్". రెండో మాటలో మొదటి మాట మోగడం ఆయనకు వినపడలేదంటే నేను నమ్మను. గ్రీకులోకి మార్చినవాళ్లు కూడా యూదులే, ఆ భాష చెవిన పడుతూ పెరిగినవాళ్లే. వాళ్లకు అందులో మరణం వినపడింది. పైగా "త్సల్మూత్" వాదానికి ఒక బలహీనత ఉంది. చుట్టాల భాషల్లో ఉన్న ఆ చీకటి ధాతువు, ఆ అర్థంతో హీబ్రూలో ఇంకెక్కడా కనిపించదు. పక్కింటివాళ్లందరి దగ్గరా ఉన్న వస్తువు మనింట్లోనూ ఉండి ఉంటుందని చెప్పడం లాంటిదే ఆ వాదం. ఉండొచ్చు, కానీ చూపించలేం.

1962లో డి. వింటన్ థామస్ అనే పండితుడు ఒక మధ్యేమార్గం చెప్పాడు. మాట "మరణపు నీడ"యే, కానీ అక్కడ మరణం అంటే చావు అని కాదు, తీవ్రత చెప్పడానికి వాడిన మాట, కాబట్టి మొత్తానికి అర్థం చాలా గాఢమైన చీకటి అని. ఇది చదివినప్పుడు ఎవరైనా పాశ్చాత్యుడికి వివరణ కావాలేమో కానీ తెలుగువాళ్లకు అక్కర్లేదనిపించింది. మనం రోజూ చేసే పనే కదా ఇది! "చచ్చేంత ఆకలి" అంటాం, "చచ్చే చాకిరీ" అంటాం, "చచ్చేలా నవ్వాం" అంటాం. అక్కడ ఎవరూ చావలేదు. అలాగని ఆ మాటల్లో చావు అసలు లేదని కూడా అనలేం, ఆ మాట బరువు దాని నుంచే వస్తుంది. "కటిక చీకటి" అన్నప్పుడు కూడా నాకు ఒక్క క్షణం కటికవాడి కత్తి గుర్తొస్తుంది. దట్టమైన చీకటి అనే అర్థం అందరికీ తెలుసు, కత్తి అందులో ఉందని ఏ నిఘంటువూ చెప్పనక్కర్లేదు. దావీదు కాలపు మనిషి చెవిలో త్సల్మావెత్ కూడా ఇలాగే పడి ఉంటుందని నా నమ్మకం. ముందు చీకటి వినపడుతుంది, దాని అడుగున ఎక్కడో చావు.

"గాఢాంధకారము"లో ఆ అడుగు లేదు. మనం వదులుకున్నది అది. సంస్కృత సమాసం కాబట్టి గంభీరంగా ఉంది, కానీ గొర్రెల కాపరి నోట పలికే మాట కాదు. ఒక్కోసారి "కటిక చీకటి లోయలో నడిచినా" అని చదువుకుంటాను. నాకది హీబ్రూకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. కానీ మందిరంలో ముసలీముతకా కళ్లు మూసుకుని ఒక్క గొంతుతో చెప్పే వచనాన్ని మార్చమని అడిగే హక్కు నాకు లేదు, కోరిక కూడా లేదు.

అయినా ఈ కీర్తనలో "మరణచ్ఛాయ" వద్దని ఎందుకంటున్నానంటే, ఆ మాట పడగానే ఈ కీర్తన చనిపోయినవాళ్లదైపోతుంది. ఆస్పత్రిలో చివరి గంటకూ సమాధి దగ్గరకూ దాన్ని దాచిపెడతాం. మిగతా వచనాలు చూడండి: మేత, నీళ్లు, దారి, భోజనం, తలకు నూనె. "నేను బ్రదుకు దినములన్నియు" అంటుంది చివర. ఇది బతికున్నవాడి పాట. ఉద్యోగం పోయి ఇంట్లో చెప్పలేనివాడూ, బిడ్డ స్కాన్ రిపోర్టు కోసం టెన్షన్‌తో కారిడార్‌లో కూర్చున్న తల్లీ ఆ లోయలో ఉన్నారు. వాళ్లకు మరణం ఇంకా ఎదురవలేదు, ముందేముందో కనపడటం లేదంతే. "ఇది చివరి గడియలో చదివే కీర్తన" అని వాళ్లు పక్కన పెట్టేస్తే నష్టం వాళ్లకే.

ప్రసంగాల్లో తరచూ వినే ఒక మాట గురించి కూడా చెప్పాలి. ఇంగ్లీషులో "త్రూ" ఉంది కాబట్టి, లోయలో ఉండిపోము, దాటిపోతాం అని అర్థం చెబుతారు. దాటిపోతామన్న ఆశ మంచిదే. కానీ హీబ్రూలో ఉన్నది "లో" అనే చిన్న ప్రత్యయమే. మన "లోయలో" సరిగ్గా దానికి సమానం. దాటడం గురించి ఈ వచనం ఏమీ చెప్పదు. లోపల ఉండగా ఏం జరుగుతుందో చెబుతుంది.

నడిమధ్యన మూడు మాటలు

ఏం జరుగుతుందంటే, సర్వనామం మారుతుంది. అప్పటిదాకా "ఆయన నన్ను పరుండజేయుచున్నాడు, ఆయన సేదదీర్చుచున్నాడు" అని ఎవరికో చెబుతున్నట్టు నడిచిన కీర్తన, చీకట్లోకి రాగానే "నీవు" అంటుంది. పచ్చికలో ఉన్నప్పుడు దేవుడు "ఆయన". లోయలో ఉన్నప్పుడు "నీవు".

ఒకరోజు కాగితం మీద హీబ్రూ మాటలు లెక్కపెట్టాను. "దావీదు కీర్తన" అనే శీర్షిక వదిలేస్తే, మొదటి నుంచి "ఏ అపాయమునకు భయపడను" దాకా 26 మాటలు. తర్వాత మూడు: "కీ అత్తా ఇమ్మాదీ". అక్కడి నుంచి చివరిదాకా మళ్లీ 26. రెండుసార్లు లెక్కపెట్టాను. కవి కావాలని అలా పెట్టాడో లేదో నేను చెప్పలేను. కానీ కీర్తన మొత్తానికి నడిమధ్యన ఉన్నది "నీవు నాతో ఉన్నావు గనుక" అనే మాట. హీబ్రూలో అక్కడ క్రియాపదం కూడా లేదు. "నువ్వు నాతోనే" అని మనం తెలుగులో క్రియ లేకుండా ఎలా అంటామో అలాగే ఉంది.

మొన్న పెద్దమ్మ సమాధికి పాలరాయి పలక చేయించాం. దాని మీద ఏం చెక్కించాలని ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మావయ్య మరణచ్ఛాయ ఉండాలన్నాడు, అన్నయ్య తెలుగు బైబిల్లో ఉన్నట్టే ఉండాలన్నాడు. అన్నయ్య కూతురు వీడియో కాల్లో వింటూ కూర్చుంది. నేను హీబ్రూ కాగితం తెచ్చి మధ్యలో ఉన్న మూడు మాటలకు గీత గీసి చూపించాను. మావయ్య కళ్లజోడు పెట్టుకుని, ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తెలుగులో ఎన్ని మాటలవుతాయని అడిగాడు. మూడే అన్నాను. రాయి చెక్కే అబ్బాయి అక్షరానికింత అని రేటు చెప్పాడు, "తోడైయుందువు"లో ఐత్వం సన్నగా వస్తుందని ముందే హెచ్చరించాడు. పలకను గురువారం నిలబెట్టారు. పెద్దమ్మ పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, వాటి కింద "నీవు నాకు తోడైయుందువు".